నాలుగెకరాల వేరుశనగకు సొంత గానుగ గిట్టుతుందా?

ప్రశ్న: అయ్యా, మాది కదిరి దగ్గర పల్లె. నాన్న పోయాక నాలుగెకరాల పొలం నా పేరు మీదికి వచ్చింది. బోరు నీళ్లు రెండెకరాలకే చాలుతాయి. చిన్నాన్న వేరుశనగ వేస్తున్నాడు. కాయలు వ్యాపారికి తూకం వేసేయడమే తప్ప చేతికి మిగిలేదేమీ కనపడదు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. ఇక్కడ గానుగ నూనె లీటరు 350, 400 చెబుతున్నారు. ఆరు లక్షలు లోను పెట్టి ఊళ్లో షెడ్డు, కరెంటు గానుగ, కాయలు కొట్టే మిషన్ పెడదామనుకుంటున్నా. ఏ మిషన్ తీసుకోవాలి? లైసెన్సులేం కావాలి? సబ్సిడీ వస్తుందా? చిన్నాన్న వద్దంటున్నాడు, అదొక టెన్షన్.

– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు:

ఈ ఏడాది మిషన్ కొనకండి. చిన్నాన్న ఎందుకు వద్దన్నారో మీరు రాయలేదు గానీ, లెక్క వేసి చూస్తే ఆయన మాటే నిలబడుతోంది. నూనె ఆలోచన మాత్రం చెడ్డది కాదు. సొంత గానుగ పెట్టడం, మీ కాయతో నూనె చేసి అమ్మడం రెండు వేరు వేరు వ్యాపారాలు. మీ నాలుగెకరాలు రెండోదానికి సరిపోతాయి, మొదటిదానికి చాలవు.

ఎందుకు చాలవో ముందు కాయల లెక్కలో చూద్దాం. బోరు కింద రెండెకరాల్లో రబీ పంట ఎకరాకు 10 క్వింటాళ్ల కాయ వస్తుందనుకుందాం. వర్షాధారం రెండెకరాల్లో, మరీ చెడ్డదీ మరీ మంచిదీ కాని సంవత్సరంలో, ఎకరాకు 4 క్వింటాళ్లు. మొత్తం 28 క్వింటాళ్లు. ఇందులో వచ్చే ఏడు విత్తనానికి తీసిపెట్టాలి. ఎకరాకు 75 కిలోల గింజ లెక్కన నాలుగెకరాలకు 300 కిలోలు, అంటే దాదాపు నాలుగున్నర క్వింటాళ్ల కాయ. మిగిలేది 23.5 క్వింటాళ్లు. కాయ కొడితే నూటికి 70 పాళ్లు గింజ, 30 పాళ్లు పొట్టు. చేతికి వచ్చేది 16.5 క్వింటాళ్ల గింజ. అందులో ముడతలు పడ్డవి, బూజు పట్టినవి, నల్లబడ్డవి ఏరేస్తే నికరంగా 15 క్వింటాళ్లు, అంటే 1500 కిలోలు.

ఇరవై కిలోలు పట్టే కరెంటు గానుగ ఒక వాయికి ముప్పావు గంట నుంచి గంట తీసుకుంటుంది. గింజ పోయడం, నూనె పిండాక మిగిలిన చెక్క తీయడం, తుడవడం అన్నీ కలుపుకుని రోజుకు 120 కిలోలు ఆడించగలరనుకోండి. మీ ఏడాది పంట మొత్తం 13 రోజుల్లో అయిపోతుంది. మిగతా 352 రోజులు మీ ఆరు లక్షలు షెడ్డులో తాళం వేసుకుని కూర్చుంటాయి.

తాళం తీయాలంటే ఊరివాళ్ల గింజ కూలికి ఆడాలి, లేదా బయట కాయ కొనాలి. కూలికి ఆడితే కిలోకు 12 రూపాయలు వస్తాయనుకుంటే, కరెంటు, మనిషి ఖర్చు పోగా ఆరు మిగలొచ్చు. ఆరు లక్షలకు 11 శాతం వడ్డీ అంటే మొదటి ఏడు 66 వేలు. అసలు సంగతి పక్కన పెట్టి వడ్డీ వరకే తీర్చాలన్నా 11 వేల కిలోల గింజ ఆడాలి, అంటే గానుగ 90 రోజులకు పైగా నిండుగా తిరగాలి. అది మీరు బెంగళూరులో ఉండి చేసే పని కాదు. గానుగ దగ్గర నమ్మకమైన మనిషి రోజూ ఉండాలి. ఎవరి గింజ ఎవరిదో కలవకుండా చూడాలి. గానుగ కొయ్య అరిగితే అదే రోజు బాగు చేయించాలి.

మరి నూనెలో మిగిలేదెంత? గింజలో నూనె నూటికి 48 పాళ్ల దాకా ఉంటుంది గానీ గానుగ అంతా పిండలేదు. 40 పాళ్లు వస్తే మంచి ఆటే. 1500 కిలోలకు 600 కిలోల నూనె. నూనె నీళ్లకన్నా తేలిక కాబట్టి అది 660 లీటర్లు. మడ్డి తీసి, డ్రమ్ములకూ గుడ్డలకూ అంటుకున్నది పోగా 630. ఇంటికి వాడుకున్నది, రుచి చూడమని ఇచ్చింది, దారిలో కారింది తీసేస్తే అమ్మకానికి 600 లీటర్లు. చెక్క 850 కిలోలు.

ఇక రూపాయలు. 2025–26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 అయినా, ఊళ్లో తూకం దగ్గర తరుగు, తేమ అని కోసి ఇచ్చేది వేరు. కాయ 6,500కు పోతుందనుకుందాం. 23.5 క్వింటాళ్లకు 1,52,750 రూపాయలు. ఏ శ్రమా లేకుండా మీకు వచ్చే డబ్బు ఇది. నూనె చేస్తే దీనికన్నా ఎక్కువ మిగలాలి, లేకపోతే చేయడం దేనికి? ఖర్చుల్లో కాయ కొట్టించడానికి 3,500, ఏరడానికి కూలి 4,000, బయట గానుగలో ఆడించడానికి కిలోకు 12 లెక్కన 18,000, డబ్బాలు, మూతలు, లేబుళ్లు, అట్టపెట్టెలకు 12,600, ల్యాబ్ పరీక్షలకు 6,000, బెంగళూరు రవాణాకు 9,450 వేశాను. మొత్తం 53,550. ఇవి నా అంచనాలే. మీ దగ్గరి రేట్లు కనుక్కుని మార్చుకోండి. లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

నూనె లీటరు 280కి అమ్మితే 1,68,000, చెక్క కిలో 40 లెక్కన 34,000, కలిపి 2,02,000. ఖర్చులు తీసేస్తే 1,48,450. అంటే కాయగా అమ్మిన దానికన్నా నాలుగు వేలు తక్కువ! ఇన్ని అవస్థలు పడి నష్టం. అదే 350కి అమ్మగలిగితే 1,90,450 మిగులుతుంది, కాయకన్నా 37,700 ఎక్కువ. ఇటూ అటూ కాని గీత లీటరు 287 దగ్గర ఉంది. మీరు చూసిన 350, 400 అంగడి బల్ల మీద ధర. అందులో 25, 30 శాతం అంగడివాడిది. మీ నూనె అంగడికి వేశారంటే మీ చేతికి వచ్చేది ఆ గీతకు కిందో, దాన్ని అంటుకునో ఉంటుంది. అందుకే ఈ స్థాయిలో నూనె నేరుగా ఇళ్లకు అమ్మితేనే గిట్టుతుంది.

చెక్కను చిన్నచూపు చూడకండి. పై లెక్కలో 34 వేలు దానివే, అవి లేకపోతే 350కి అమ్మినా మిగులు నామమాత్రం. గానుగ చెక్కలో నూనె ఎక్కువగా మిగిలి ఉంటుంది కాబట్టి పాడి ఉన్నవాళ్లు మిల్లు చెక్కకన్నా దీన్నే ఇష్టపడతారు. చాలా గానుగల్లో చెక్క తమకే వదిలేయమని, అప్పుడు కూలి వద్దని అంటారు. ఉచితం అనిపిస్తుంది గానీ, 18 వేల కూలి తప్పించుకోవడానికి 34 వేల చెక్క ఇచ్చేసినట్టు. కూలి కట్టి చెక్క తెచ్చుకోండి.

సబ్సిడీ సంగతి అడిగారు. చిన్న ఆహార యూనిట్లకు 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా ఇస్తారు. అయితే అది బ్యాంకు లోనుకు ముడిపెట్టిన సబ్సిడీ. మీ వాటాగా కనీసం 10 శాతం పెట్టుకోవాలి. సబ్సిడీ డబ్బు మీ చేతికి రాదు, బ్యాంకులోనే ఉంటుంది. మూడేళ్లు లోను సక్రమంగా నడిస్తే అప్పుడు సర్దుతారు. మీ ఆరు లక్షల్లో సొంత వాటా 60 వేలు, సబ్సిడీ 2.10 లక్షలు పోగా 3.30 లక్షలు మిగులుతాయి. దాని మీద 11 శాతం చొప్పున మొదటి ఏడు వడ్డీ 36 వేలు. నూనెలో మీకు మిగిలేది 37,700 అని ఇప్పుడే చూశాం. సబ్సిడీ వచ్చినా బ్యాంకు కోసం పనిచేసినట్టే. ఇలాంటి పథకాల గడువులు, నిధులు మారుతుంటాయి కాబట్టి ఎప్పుడైనా వెళ్లేముందు కొత్త మంజూరులు ఉన్నాయా అని బ్యాంకు మేనేజర్‌నే అడగండి, ఏజెంటును కాదు.

ఇప్పుడు అసలు చేయాల్సింది చెబుతాను. నలుగురున్న ఇల్లు నెలకు మూడున్నర లీటర్ల వేరుశనగ నూనె వాడుతుందనుకుంటే ఏడాదికి 42 లీటర్లు. మీ 600 లీటర్లు కొనడానికి 14, 15 ఇళ్లు చాలు. మీ ఆఫీసులో, మీ అపార్ట్‌మెంట్లో, బెంగళూరులో ఉన్న మన అనంతపురం, కదిరి, హిందూపురం వాళ్లలో 15 ఇళ్లు దొరకవా? వ్యాపారం మొత్తం ఆ 15 ఇళ్లే. వాళ్లు ఒక్కసారి మొహమాటానికి కొనడం కాదు, రెండో నెల, మూడో నెల అడిగి తెప్పించుకోవాలి. బ్రాండు పేరు, లోగో, ఇన్‌స్టా పేజీ అంటూ ముందే డబ్బు తగలేయకండి.

నెలనెలా ఇవ్వాలంటే నెలనెలా ఆడించాలి. ఒక్కసారే 600 లీటర్లు ఆడించి పెట్టుకుంటే మొదటి డబ్బా కమ్మగా ఉంటుంది, ఆరో నెల డబ్బాకు పాత వాసన వస్తుంది. శుద్ధి చేయని నూనెకు ఎండ, గాలి, వేడి పడవు. కాయ అలా కాదు. పొట్టులో ఉన్న గింజ, బాగా ఆరి ఉంటే, ఏడెనిమిది నెలలు నిలుస్తుంది. కాబట్టి నిల్వ ఎప్పుడూ కాయగానే పెట్టండి. ఏ నెల ఆటకు కావలసింది ఆ నెల కొట్టించండి. మీకు రబీ కాయ మార్చి–ఏప్రిల్‌లో, ఖరీఫ్ కాయ నవంబరు దగ్గర వస్తుంది కాబట్టి ఏ కాయనూ ఏడాది పొడుగునా దాచాల్సిన పని లేదు.

నూనె మంచిదా కాదా అన్నది గానుగలో కన్నా ముందు కళ్లంలోనే తేలుతుంది. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొత్తగా దిగినవాళ్లు కొయ్య గానుగా, రాతి గానుగా అని నెలలు చర్చిస్తారు గానీ కాయ ఎలా ఆరిందో అడగరు.

వేరుశనగకు పట్టే పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు బూజు ఒకటి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. కాలేయానికి చేటు, క్యాన్సర్ కారకం. వేయించినా పూర్తిగా పోదు. పెద్ద మిల్లుల్లో నూనెను శుద్ధి చేసేటప్పుడు ఇది చాలావరకు తొలగిపోతుంది. గానుగ నూనెను మనం శుద్ధి చేయం, అదే దాని గొప్ప అని చెప్పి అమ్ముతాం. అందుకే గింజలో విషం ఉంటే కొంత నూనెలోకి వస్తుంది, ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క తిన్న ఆవు పాలలోకీ చేరుతుంది. కాబట్టి బూజు గింజను ‘నూనెకే కదా’ అని కలపడం కుదరదు, ‘పశువులకే కదా’ అని చెక్కలోకి తోయడమూ కుదరదు. ఏరిన చెడ్డ గింజను తీసి పారేయాల్సిందే. పై లెక్కలో దానికి నేను ఒక్క రూపాయి కూడా రాబడి వేయలేదు.

ఈ బూజు మూడుచోట్ల వస్తుంది. మొదటిది పొలంలోనే, కాయ ఊరే చివరి నెలలో వాన లేక నేల వేడెక్కినప్పుడు. మన అనంతపురం, కదిరి ప్రాంతంలో ఖరీఫ్ పంటకు ఇది తరచూ జరిగేదే. చివర్లో ఎండ దెబ్బ తిన్న ఖరీఫ్ కాయను నూనెకు పెట్టుకోకండి, పెట్టుకోవాలనుకుంటే ముందు పరీక్ష చేయించండి. మీ బోరు కింద రబీ కాయే దీనికి సరైనది. చివరి తడి ఎగ్గొట్టొద్దని చిన్నాన్నకు చెప్పండి. పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ నిండుగా ఊరుతుంది. తాలు తగ్గితే ఏరివేత కూడా తగ్గుతుంది.

రెండోది ఆరబెట్టడంలో. చెట్టు పీకాక కాయలు పైకి, ఆకు కిందికి ఉండేలా తిరగేసి వరుసలుగా పరిస్తే రెండు మూడు రోజుల్లో గాలికి ఎండకి చాలావరకు ఆరుతుంది. పచ్చిగా ఉండగానే కుప్ప వేస్తే లోపల ఆవిరి పట్టి బూజు మొదలవుతుంది. కాయ తెంపాక పట్టాల మీద పలచగా పోసి, కాయలో తేమ 9 శాతం కన్నా దిగేదాకా ఆరబెట్టాలి. తేమ కొలిచే మీటరు ఉంటే మంచిదే, లేకపోతే మన పెద్దవాళ్ల పద్ధతి ఉంది. కాయ చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడాలి. గింజను వేళ్ల మధ్య నలిపితే పైపొర ఊడి రావాలి. కొరికితే మెత్తగా అణగకుండా పటుక్కున విరగాలి. కుప్పలో ఒక్కచోట కాదు, అడుగునుంచి కూడా తీసి చూడండి.

మూడోది చాలామందికి తెలియనిది, కాయ కొట్టే మిషన్ దగ్గర. గింజ పగలకుండా ఉండాలని కొట్టే ముందు రాత్రి కాయ మీద నీళ్లు చల్లే అలవాటు ఉంది. తూకానికి కూడా పనికొస్తుందని వ్యాపారులు దాన్ని కాదనరు. ఇంత కష్టపడి ఆరబెట్టిన కాయను ఒక్క బిందెతో పాడుచేయడం అంటే అదే. ఆ తడి గింజ గోతంలో రెండు రోజులుంటే బూజు లోపల మొదలవుతుంది, పైకి కనపడదు. మీ కాయ పొడిగానే కొట్టమనండి. నాలుగు గింజలు బద్దలైతే కానివ్వండి, బద్దలు అదే వారంలో గానుగకు వేయవచ్చు. కొట్టేటప్పుడు మీరో, చిన్నాన్నో పక్కన నిలబడాలి.

నిల్వకు కొత్త గోతాలు, కింద చెక్క పలకలు, గోడకు అడుగు ఎడం చాలు. యూరియా, పురుగుమందు ఉంచిన గదిలో పెట్టకండి. నూనె వాసనలను ఇట్టే పట్టుకుంటుంది.

గానుగ దగ్గర చూడాల్సినవి తక్కువే. మీ గింజను ముందురోజు ఒక పూట ఎండలో పోసి తీసుకెళ్లండి, నూనె దిగుబడి బాగుంటుంది. మీకన్నా ముందు అక్కడ ఏం ఆడారో అడగండి. కుసుమో, నువ్వులో ఆడిన వెంటనే మీది వేస్తే మొదటి వాయికి ఆ వాసన వస్తుంది, ఆ వాయి విడిగా పట్టి ఇంటికి పెట్టుకోండి. ఆడేటప్పుడు గానుగవాళ్లు కొద్దిగా నీళ్లు చిలకరిస్తారు, అది తప్పు కాదు, గింజ పట్టు దొరకడానికి. ఎక్కువైతే మాత్రం నూనె మసకగా వచ్చి త్వరగా పాడవుతుంది. వచ్చిన నూనెను స్టీలు డ్రమ్ముల్లో, మూతికి గుడ్డ కట్టి, కదపకుండా నాలుగైదు రోజులు ఉంచితే మడ్డి దిగుతుంది. పైనుంచి తేరిన నూనె మాత్రమే డబ్బాల్లోకి వంపండి. తొందరపడి రెండో రోజే నింపితే డబ్బా అడుగున మడ్డి చేరి, ఆ మడ్డిలోని తేమతోనే నూనె పాత వాసన కొడుతుంది. కొన్న ఇల్లాలు మీకు ఫోన్ చేయదు, మళ్లీ కొనదు, అంతే.

ప్రతి ఆటకూ నోటు పుస్తకంలో నాలుగు అంకెలు రాసుకోండి. ఎన్ని కిలోల కాయ, ఎంత గింజ, ఎంత నూనె, ఎంత చెక్క. గింజ బరువుతో పోలిస్తే నూనె, చెక్క కలిపి 97, 98 పాళ్లు రావాలి. ఒకసారి 90 వచ్చిందంటే నూనె గానీ చెక్క గానీ గానుగ దగ్గరే ఉండిపోయిందన్నమాట. నూనె 40 బదులు 35 వచ్చి చెక్క పెరిగిందంటే గింజ తేమగా ఉందో, తాలు ఎక్కువుందో, లేదా గానుగ రోకలి అరిగిందో చూసుకోవాలి.

లైసెన్సుల విషయానికి వస్తే, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క డబ్బా కూడా అమ్మకండి. మీ స్థాయికి చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషనే సరిపోతుంది, ఫీజు కూడా తక్కువ. వంట నూనె విడిగా, కొనేవాళ్లు తెచ్చుకున్న గిన్నెలో పోయడం కుదరదు, సీలు వేసిన డబ్బాలోనే అమ్మాలి. లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచి, ఆడించిన తేదీ, నికర పరిమాణం, ధర, పోషక వివరాలతోపాటు వేరుశనగ ఉందన్న అలర్జీ హెచ్చరిక ఉండాలి. ‘గుండెకు మంచిది’, ‘కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది’ అని పక్క అంగడివాళ్లు రాశారని మీరూ రాయకండి. వంట నూనె లేబుళ్ల మీద అలాంటి మాటలకు నిషేధం ఉంది.

మీకు మాత్రమే వచ్చే చిక్కు ఇంకొకటుంది. కదిరి నుంచి బెంగళూరు దగ్గరే గానీ మధ్యలో రాష్ట్రం మారుతుంది. వస్తువు రాష్ట్రం దాటి అమ్మితే టర్నోవరు ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సొంత రాష్ట్రంలో అమ్మేవాళ్లకున్న లక్షల మినహాయింపు దీనికి వర్తించదు. నూనె పొలంలో పండినది కాదు, పండినదానితో తయారు చేసినది, కాబట్టి రైతుననే మినహాయింపు కూడా రాదు. ఆడిటర్ ఖర్చు ఏడాదికి ఎంతవుతుందో ముందే అడిగి పై లెక్కలో కలపండి, నేను కలపలేదు. అలాగే కాయ అమ్మిన డబ్బుకు ఆదాయపు పన్ను లేదు. నూనె అమ్మినప్పుడు కాయ మార్కెట్ విలువ వరకు వ్యవసాయ ఆదాయం, ఆ పైన మిగిలింది వ్యాపార ఆదాయం. మీకు జీతం ఉంది కాబట్టి అది మీ రిటర్నులో కలుస్తుంది.

వీటన్నిటికీ ముందు ఇంకో దారి కూడా చూడమంటాను. గింజ ఏరేటప్పుడు పెద్దవి, సమంగా ఉన్నవి విడిగా తీసి పల్లీలుగానే ప్యాకెట్లు కట్టి అదే ఇళ్లకు ఇవ్వండి. లెక్క చూడండి. 1,52,750 రూపాయల కాయ నుంచి 1500 కిలోల మంచి గింజ వచ్చింది, అంటే కిలో మీకు 102 పడింది. దాన్ని 150కి అమ్మగలిగితే 2,25,000. కొట్టడం, ఏరడం, ప్యాకెట్లు, రవాణా, పరీక్షలు 33 వేలు పోగా 1,92,000 మిగులుతుంది. నూనె 350కి అమ్మినంత! గానుగ లేదు, మడ్డి లేదు, కారిపోయేది లేదు. ఇల్లు నెలకు వాడేది కిలోయో రెండు కిలోలో కాబట్టి 1500 కిలోలూ ఇలా పోవు, కానీ 200, 300 కిలోలు 15 ఇళ్లకు పోతాయి. పెద్ద గింజ పల్లీలకు, మధ్యరకం నూనెకు. చిక్కీలు, పల్లీ పొడుల జోలికి ఇప్పుడే వెళ్లకండి, అవి వంటశాల, మనుషులు కావలసిన పనులు.

ఈ రబీకి ఇలా చేయండి. వచ్చే 20 క్వింటాళ్లలో సగం ఎప్పటిలాగే అమ్మేయండి, పెట్టుబడి చేతికి వస్తుంది, చిన్నాన్నకూ గుండె నిబ్బరం. మిగిలిన 10 క్వింటాళ్లు బాగా ఆరబెట్టి నిల్వ పెట్టండి. గింజ ఏరాక 640 కిలోలు, అంతా నూనెకే వేస్తే 270 లీటర్లు. ఏడు ఇళ్లకు ఆరు నెలలకు కావలసింది 150 లీటర్లే, కాబట్టి దానికి 360 కిలోల గింజ చాలు, మిగిలిన 280 కిలోలు పల్లీలుగా ఆ ఏడు ఇళ్లకూ, వాళ్లకు మించినవి ఇంకొందరికీ ఇవ్వండి. మొదటి ఆటకు ముందు గింజను అఫ్లాటాక్సిన్‌కు, నూనెను అది పాడైందా లేదా చెప్పే ఆమ్ల విలువ, పెరాక్సైడ్ విలువలకు గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఆ కాగితం ఫొటో తీసి కొనేవాళ్లకు పంపండి. బెంగళూరులో నూనెకు 350 ఇచ్చే ఇల్లు ఆ కాగితానికే ఇస్తుంది.

రకం గురించి కూడా ఒక మాట. మీ పొలంలో కదిరి–6 ఉందో, కదిరి లేపాక్షి ఉందో రాయలేదు. ఏదైనా సరే, రెండు రకాలు దొరికితే ఇరవై కిలోల చొప్పున విడివిడిగా ఆడించి దిగుబడి, రుచి పోల్చి చూడండి. నూనె వ్యాపారం నిలదొక్కుకుంటే గిర్నార్–4, గిర్నార్–5 రకాల విత్తనం కోసం ప్రయత్నించవచ్చు. వాటి నూనెలో ఒలీక్ ఆమ్లం 80 శాతం దగ్గర ఉంటుంది, అందువల్ల నూనె, పల్లీలు కూడా మామూలు రకాలకన్నా చాలా ఎక్కువ కాలం పాత వాసన రాకుండా నిలుస్తాయి. మీ నేలలో ఎలా పండుతాయో కదిరిలోనే ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడగండి, ముందు పావు ఎకరాలో వేసి చూడండి.

సొంత గానుగ మాట మళ్లీ ఎప్పుడు ఎత్తాలంటే, మీ ఇళ్లు 60 దాటి, మీ కాయ చాలక ఊళ్లోవాళ్ల కాయ కొంటున్నప్పుడు. 60 ఇళ్లంటే ఏడాదికి 2,500 లీటర్లు, ఆరు వేల కిలోలకు పైగా గింజ, 50 రోజుల ఆట. దానికి కూలి ఆట కొంత తోడైతే మిషన్ తన వడ్డీ తాను కట్టుకుంటుంది. అప్పుడు కూడా షెడ్డు పొలంలో కాదు, ఊళ్లో ఇంటి స్థలంలో వేసి, విడిగా త్రీఫేజ్ మీటరు తీసుకోండి. బోరుకిచ్చిన ఉచిత కరెంటుతో గానుగ తిప్పితే జరిమానా ఖాయం. చిన్నాన్నతో వాటా ఎంతో మాత్రం ఈ రబీ కాయ కళ్లంలోకి రాకముందే తేల్చుకోండి. ఆరబెట్టేదీ, మిషన్ దగ్గర నిలబడేదీ, చెక్క అమ్మేదీ ఆయనే. లీటరుకు ఇంత అని కాకుండా, కాయ ధర పోగా మిగిలినదాంట్లో సగం అంటే ఆయన కాయ మీద నీళ్లు చల్లనివ్వడు.